పుట్టింటికి పంపే డబ్బు గురించి భర్తకు మెసేజ్: ఏం రాయాలి, లెక్క ఎలా చూపాలి

ప్రశ్న: "మా అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నాను. ఇద్దరి జీతాలూ కలిపి 100 అనుకుంటే మావారిది 60, నాది 40. ఆయనకు 4 పంపుతున్నానని చెప్పాను, కానీ 14 నెలలుగా 6 పంపుతున్నాను. ఇప్పుడు నాన్న మందుల ఖర్చు పెరిగి 8 అవసరం. ఎదురుగా కూర్చుంటే మాటామాటా పెరిగిపోతోంది. నెమ్మదిగా మెసేజ్ రాద్దామనుకుంటున్నా. ఏం రాయాలి? ఇద్దరి డబ్బూ ఎలా కలుపుకోవాలి?"

సమాధానం:

మెసేజ్‌లో నాలుగే విషయాలు రాయండి. ఇప్పటిదాకా నిజంగా ఎంత పంపారు, ఇకమీదట ఎంత కావాలి, ఆ పెరిగేది ఎక్కడి నుంచి వస్తుంది, ఇద్దరూ ఎప్పుడు కూర్చుని మాట్లాడుకోవాలి. వరస కూడా ఇదే ఉండాలి. జీతాలు ఎలా కలుపుకోవాలన్న రెండో ప్రశ్నను మెసేజ్‌లో తేల్చకండి, అది కాగితం ముందు పెట్టుకుని చేసుకోవాల్సిన లెక్క. మెసేజ్ పని ఒప్పించడం కాదు. మీకు తెలిసిన అంకెలే ఆయనకూ తెలిసేలా చేయడం, అంతే.

నిజం అంకె ముందు ఎందుకంటే, మీ లెక్కలో మీరు అడుగుతున్నది 2 మాత్రమే, 6 కాస్తా 8 అవుతోంది. ఆయన లెక్కలో మాత్రం 4 ఏకంగా 8 అవుతోంది, అంటే రెట్టింపు. పాత 6 సంగతి చెప్పకుండా "8 కావాలి" అని రాస్తే రెట్టింపు ఎందుకని అడుగుతారు. దానికి జవాబు చెప్పబోయేసరికి 6 బయటపడుతుంది. అప్పుడు సంభాషణ మందుల మీద నుంచి జారిపోయి "ఇంకా ఏమేం దాచావు" దగ్గర ఆగుతుంది. ఇలాంటి మెసేజ్‌లు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. అడగకముందే మీరు చెప్పిన 6కీ, ఆరా తీస్తే బయటపడిన 6కీ విలువ ఒకటే అయినా బరువు ఒకటి కాదు.

మొత్తం కూడా మీరే చెప్పండి. నెలకు 2 చొప్పున 14 నెలలకు 28. అంటే మీ ఒక నెల జీతంలో నూటికి 70 వంతులు. చూడ్డానికి పెద్ద అంకే. రాయడానికి చెయ్యి ఆడదు, నిజమే. కానీ మెసేజ్ చదివిన నిమిషంలో ఆయన ఆ గుణకారం ఎలాగూ చేస్తారు. మీరే రాస్తే అది మీరు చెప్పిన విషయం అవుతుంది, ఆయన లెక్కేసుకుంటే మీరు దాటవేసిన విషయం అవుతుంది. ఆ 28 ఎక్కడి నుంచి తీశారో కూడా అదే వాక్యంలో ఉండాలి: మీ చేతిఖర్చు తగ్గించుకున్నారా, పొదుపులోంచి తీశారా, క్రెడిట్ కార్డు వాడారా. కార్డు బాకీ గానీ, స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదులు గానీ ఉంటే ఈ మెసేజ్‌లోనే చెప్పేయండి. వాయిదాల మీద బయటపడే నిజం మొదటిసారి కంటే రెండోసారి ఎక్కువ నష్టం చేస్తుంది.

రాసేముందు ఒక పని ఉంది. 8 అన్న అంకె ఎలా వచ్చిందో మీకే స్పష్టంగా తెలియాలి. అమ్మగారినో నాన్నగారినో ఫోన్లో అడిగి మూడు ముక్కలుగా విడదీయండి: ప్రతి నెలా తప్పనిసరిగా అయ్యేది (మందులు, అద్దె, కరెంటు), అప్పుడప్పుడూ వచ్చేది (పరీక్షలు, డాక్టర్ ఫీజు, రిపేర్లు), వాళ్ళకు సొంతంగా వచ్చే ఆదాయం. పెద్దవాళ్ళు రెండు రకాలుగానూ చెబుతారు. మొహమాటానికి తగ్గించి చెప్పేవాళ్ళు కొందరు, భయానికి పెంచి చెప్పేవాళ్ళు కొందరు. అందుకే మాట కంటే బిల్లు మేలు. గత మూడు నెలల మందుల బిల్లులు ఫొటో తీసి పంపమనండి. మూడు నెలలవి ఎందుకంటే, ఒక నెల రెండు నెలల మందులు ఒకేసారి కొని ఉండొచ్చు, ఆ ఒక్క బిల్లు చూసి నెలకు అంత అనుకుంటాం. ఇలా చూసినప్పుడు 8 కాదు, 7 చాలని తేలొచ్చు. లేదా 8లో 6 నెలనెలా అయ్యేది, 2 అప్పుడప్పుడూ వచ్చేది అని తేలొచ్చు. అప్పుడు అడగాల్సిన పద్ధతే మారిపోతుంది. తోబుట్టువులు ఉంటే వాళ్ళు ఎంత పంపుతున్నారో కూడా ఇప్పుడే కనుక్కోండి. మీవారు అడిగే మొదటి మూడు ప్రశ్నల్లో అది తప్పకుండా ఉంటుంది. "ఏమో, అడగలేదు" అన్న జవాబు మీ వాదనను పలచన చేస్తుంది.

ఇక మెసేజ్. మీ ఇంట్లో మీరు పిలుచుకునే తీరులోనే రాయండి. రోజూ "నువ్వు" అనేవాళ్ళు ఈ ఒక్కదానికి "మీరు" అంటే అది నోటీసులా వినిపిస్తుంది. 4, 6, 8 ఉన్నచోట మీ అసలు మొత్తాలు పెట్టుకోండి.

> ఏమండీ, డబ్బు విషయం ఒకటి మీకు సరిగ్గా చెప్పలేదు. అమ్మావాళ్ళకు నెలకు 4 పంపుతున్నానని చెప్పాను. 14 నెలలుగా పంపుతున్నది 6. మీకు తెలియకుండా వెళ్ళింది మొత్తం 28. అది నా చేతిఖర్చులోంచే తీశాను, ఎక్కడా అప్పు చేయలేదు. మీకు చెప్పకపోవడం నా పొరపాటు.
>
> నాన్నకి మందులు మార్చారు. వచ్చే నెల నుంచి 8 పంపాలనుకుంటున్నాను. మీకు తెలిసిన 4తో చూస్తే ఇది రెట్టింపు అని నాకు తెలుసు. మూడు నెలల బిల్లులు కింద పెడుతున్నాను. తమ్ముడు నెలకు 2 ఇస్తున్నాడు.
>
> కొత్తగా పెరిగే 2లో 1 నా ఖర్చుల్లో తగ్గించుకోగలను. మిగతా 1 ఎక్కడ సర్దుకోవచ్చో మీతో కలిసి చూడాలి. ఆరు నెలలయ్యాక అవసరం ఎంత ఉందో మళ్ళీ చూద్దాం.
>
> ఇప్పుడే జవాబు చెప్పక్కర్లేదు. ఆదివారం పొద్దున ఒక అరగంట కూర్చుందామా? మన జీతాలు, ఇంటి ఖర్చు, అత్తయ్యావాళ్ళకు వెళ్ళేది, అమ్మావాళ్ళకు వెళ్ళేది అన్నీ ఒకే కాగితం మీద వేసుకుందాం. ఇందులో మీకు ఏది ఇబ్బందిగా అనిపిస్తే దాంతోనే మొదలుపెడదాం.

ఇందులో "పొరపాటు" ఒక్కసారే వచ్చింది. మూడుసార్లు క్షమాపణ చెబితే ఆయన మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, లేదా అది నటన అనుకుంటారు. రెండు సందర్భాల్లోనూ లెక్క పక్కకు పోతుంది. ఎందుకు చెప్పలేదో కారణం కూడా రాయలేదు చూడండి. "మీరు కోప్పడతారని చెప్పలేదు" అని రాస్తే తప్పు ఆయన మీదకు నెట్టినట్టవుతుంది. ఆయన అడిగితే అప్పుడు చెప్పండి, అదీ ఎదురుగా.

చివరి వాక్యం కావాలనే అలా ఉంది. "మీకు సమ్మతమేనా?" అని ముగిస్తే జవాబు అవును, కాదు రెండే. సందేహంలో ఉన్న మనిషి "కాదు" వైపే వెళతాడు. "ఏది ఇబ్బంది" అని అడిగితే అసలు అభ్యంతరం బయటికొస్తుంది. చాలామందికి ఇబ్బంది మొత్తం దగ్గర ఉండదు. ఇది ఎప్పటిదాకా సాగుతుందో తెలియకపోవడం దగ్గర ఉంటుంది. అందుకే ఆరు నెలల గడువు మెసేజ్‌లోనే ఉంది. ఆ గడువు పైపైకి పెట్టకండి, ఫోన్‌లో ఆ తేదీకి రిమైండర్ పెట్టుకుని నిజంగానే కూర్చోండి.

రాయకూడనివి కొన్ని. "మీవాళ్ళకైతే ఏనాడూ లెక్క చూడలేదు కదా" అన్న ఎత్తిపొడుపు ఎంత నిజమైనా ఈ మెసేజ్‌లో వద్దు. అది వచ్చిన క్షణం నుంచి ఆయన మీ నాన్నగారి మందుల గురించి ఆలోచించరు, వాళ్ళమ్మగారిని వెనకేసుకొస్తారు. అత్తగారివాళ్ళకు వెళ్ళేదీ అదే కాగితం మీదకు వస్తుందన్న ఒక్క ముక్క చాలు, సమానత్వం గురించి మీరు చెప్పదలచుకున్నదంతా అందులో ఉంది. "నా జీతం, నా ఇష్టం" కూడా వద్దు. న్యాయంగా అది సరైనదే కావచ్చు, కానీ ఇంటి ఖర్చు పంచుకోవడం గురించి అడగబోతూ ఆ మాటతో మొదలుపెడితే ఆయన కూడా అదే మాట అనొచ్చు. ఆయన చేతిలో ఉన్నది 60.

పొడవు: ఫోన్ తెరమీద రెండుసార్లు జరిపితే అయిపోవాలి. అంతకు మించితే మధ్యలో ఒక వాక్యం పట్టుకుని దానికే జవాబిస్తారు. అంతా ఒకే మెసేజ్‌గా పంపండి. నాలుగు ముక్కలుగా పంపితే మొదటిది చూసి ఆయన టైప్ చేయడం మొదలుపెడతారు, బిల్లుల ఫొటోలు వెళ్ళేలోపే గొడవ మొదలవుతుంది. నోట్స్‌లో రాసుకుని, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు చదివి పంపండి.

సమయం: ఆయన ఆఫీసులో ఉన్నప్పుడూ, పడుకునేముందూ వద్దు. ఈఎంఐ కట్టిన రోజు, ఇరువైపుల పెద్దవాళ్ళు ఇంటికొచ్చి వెళ్ళిన రోజు కూడా వద్దు. పంపేముందు నోటిమాటగా "డబ్బు సంగతి ఒకటి రాసి పంపుతున్నా, తీరిగ్గా చదవండి" అని చెప్పండి. ఒకే ఇంట్లో ఉంటూ హఠాత్తుగా పొడవాటి మెసేజ్ వస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పంపేది ఆయనకేనా, కుటుంబ గ్రూపుకా అని ఒకసారి పైన పేరు చూసుకోండి. నవ్వకండి, ఇది జరుగుతుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అమ్మకో చెల్లికో పంపకండి. అభిప్రాయం కావాలంటే పంపకముందు అడగండి.

ఇప్పుడు జవాబు సంగతి. బొటనవేలి గుర్తో "సరే"నో వస్తే అది ఒప్పుకోలు అనుకోకండి. చదివాను అని మాత్రమే అర్థం. ఆ "సరే" పట్టుకుని మర్నాడే 8 పంపేస్తే, తర్వాతి గొడవలో "నేనెప్పుడు ఒప్పుకున్నాను" అన్న మాట వస్తుంది. అసలు జవాబే రాకపోతే మర్నాటిదాకా ఆగండి, రెండో మెసేజ్ పెట్టకండి. "చూశారా?" అని నోటితో అడగడం మంచిది. కోపంగా "ఎందుకు దాచావు?" అని వస్తే ఆ ఒక్కదానికే జవాబివ్వండి: "చెప్పాల్సింది, చెప్పలేదు. ఇకమీదట పంపే ప్రతిదీ మీకు కనబడేలా పెడతాను." మందుల ప్రస్తావన ఆ జవాబులో తేకండి. తెస్తే నాన్నగారి జబ్బును అడ్డం పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఆదివారం కాగితం మీద ఏం చేయాలో చూద్దాం. పన్నులు, కోతలు పోగా చేతికొచ్చే జీతాలే లెక్కలోకి తీసుకోండి. మీ 100లో ఇంటి ఖర్చులు, వాయిదాలు కలిపి 60, పొదుపు 15, అంటే ఉమ్మడిగా 75 అనుకుందాం. మీవారు తన తల్లిదండ్రులకు 3 పంపుతున్నారనుకుందాం. మీ దగ్గర అంకెలు వేరైతే అవి వేసుకోండి, పద్ధతి మారదు.

చెరిసగం అనుకుంటే ఒక్కొక్కరు 37.5 పెట్టాలి. మీకు మిగిలేది 2.5. అందులోంచి 8 పంపడం కుదరదు. చాలామంది దంపతులు చెరిసగమే న్యాయం అనుకుని మొదలుపెడతారు, జీతాల్లో ఇంత తేడా ఉన్నప్పుడు తక్కువ జీతం ఉన్నవాళ్ళు తెలియకుండా డబ్బు సర్దే పరిస్థితి దాంతోనే వస్తుంది. మీ దాచుడుకు మూలం కూడా ఇదేనేమో ఒకసారి చూసుకోండి.

జీతాల నిష్పత్తిలో పంచుకుంటే ఆయన 45, మీరు 30 పెడతారు. ఆయనకు 15, మీకు 10 మిగులుతాయి. ఎవరి తల్లిదండ్రులకు వాళ్ళే పంపుకుంటే ఆయన చేతిలో 12, మీ చేతిలో 2 ఉంటాయి. కాగితం మీద పద్ధతిగానే ఉంది, కానీ నెలకు 2తో ఎవరూ ఎక్కువకాలం నెట్టుకురాలేరు.

రెండువైపుల పెద్దవాళ్ళకు వెళ్ళేదీ ఉమ్మడి ఖర్చులోనే వేస్తే 75, 8, 3 కలిసి 86 అవుతుంది. 60కి 40 చొప్పున ఆయన 51.6, మీరు 34.4 పెడతారు. ఆయనకు 8.4, మీకు 5.6 మిగులుతాయి. ఇద్దరి చేతిలోనూ ఎవరి జీతంలో వాళ్ళకు నూటికి 14 మిగిలింది. ఇది నిజంగా సమానం. కానీ ఒక మాట దాచకండి: ముందటి పద్ధతితో పోలిస్తే ఆయన చేతిలో 12 ఉండాల్సింది 8.4 అయింది. ఆ 3.6 మీవైపుకు వచ్చింది. ఆయనకు ఇది కనిపిస్తుంది. కనిపించినప్పుడు మీరు ముందే చెప్పి ఉండాలి.

అందుకే మొదటి ఆరు నెలలకు నేను మధ్యేమార్గం సూచిస్తాను. ఒక్కోవైపు పెద్దవాళ్ళకు ఉమ్మడి ఖాతా నుంచి గరిష్ఠంగా 4. అది దాటితే ఎవరి చేతిఖర్చులోంచి వాళ్ళు. 4 అన్నది ఆయనకు ముందునుంచీ తెలిసిన అంకె కాబట్టి దాని మీద పేచీ తక్కువ. అప్పుడు ఉమ్మడి 75, మీవైపు 4, ఆయనవైపు 3 కలిపి 82. ఆయన 49.2, మీరు 32.8 పెడతారు. ఆయన చేతిలో 10.8 మిగులుతుంది. మీ 7.2లోంచి మిగతా 4 పంపాక మీ చేతిలో 3.2. ఆయనకు తగ్గింది 1.2 మాత్రమే. మీకు కాస్త బిగుతుగానే ఉంటుంది, కానీ దాచాల్సిన పని ఉండదు. ఆరు నెలలు లెక్క సాఫీగా నడిచాక పూర్తి ఉమ్మడి పద్ధతికి వెళ్ళడం గురించి మాట్లాడితే ఆ మాటకు నిలబడే నేల ఉంటుంది. పొదుపు 15లోంచి 1 తగ్గించుకోవడం కూడా ఒక దారే, కానీ అది మీరుగా అడగొద్దు. ఆయన నోటినుంచి వస్తే తీసుకోండి.

జీతాలు మారితే నిష్పత్తి మళ్ళీ వేసుకోవాలి. ఒకరికి ఉద్యోగం లేకపోయినా, పిల్లల కోసం మానేసినా ఈ నిష్పత్తి లెక్క పనికిరాదు, ఎందుకంటే వాళ్ళ చేతిలో సున్నా మిగులుతుంది. అప్పుడు అన్నీ ఉమ్మడిగా కట్టేసి, మిగిలినదాన్ని ఇద్దరికీ సమానంగా చేతిఖర్చుగా పంచాలి. ఆదాయం నెలనెలా మారేవాళ్ళు గత ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను పట్టుకుని లెక్కేయాలి.

నెలనెలా పంపేదానికీ ఆసుపత్రి ఖర్చుకూ ఒకే నియమం పెట్టకండి. అంబులెన్స్ వచ్చిన రాత్రి ఎవరూ గరిష్ఠ పరిమితి గురించి ఆలోచించరు. దానికి ముందే రెండు విషయాలు అనుకోండి: ఫోన్ చేసి చెప్పకుండా ఒకరు ఎంతదాకా పంపొచ్చు (మీ లెక్కలో 2 అనుకోవచ్చు), అంతకు మించితే డబ్బు ఏ ఖాతా నుంచి తీయాలి. నెలకు 1 చొప్పున విడిగా వేస్తే ఏడాదికి 12 అవుతుంది. అది రెండువైపుల పెద్దవాళ్ళకూ కలిపి.

8కి ఆయన ససేమిరా అంటే, డబ్బు పంపే బదులు మందులు మీరే కొని పంపే దారి ఉంది. అప్పుడు ఖర్చు అసలు బిల్లుకు పరిమితం అవుతుంది, మందు మారితే తగ్గుతుంది కూడా. దీంట్లో ఇబ్బంది పెద్దవాళ్ళవైపు నుంచి వస్తుంది. చేతిలో డబ్బు లేకుండా అన్నీ పిల్లలే కొనిపెట్టడం వాళ్ళకు నామోషీ. మందుల వరకు ఇలా చేసి, మిగతాది ఎప్పటిలా ఖాతాకు పంపితే సర్దుకుంటుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు. మీ జీతం, ఏటీఎం కార్డు, ఫోన్ ఆయన చేతిలో ఉండి, పుట్టింటికి పైసా పంపినా బెదిరించడమో చేయిచేసుకోవడమో జరుగుతుంటే పైన చెప్పిన మెసేజ్ పంపకండి. అన్ని లెక్కలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే అవే మీ మీద వాడుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ముందు నమ్మకమైన మనిషితోనో, లాయరుతోనో మాట్లాడండి. మీరు రాసినదాన్ని బట్టి మీది మాటామాటా పెరిగే ఇల్లే అనుకుని ఈ సమాధానం రాశాను.

ఆదివారం ఒక ఒప్పందానికి వస్తే, అదే సాయంత్రం నాలుగు లైన్లు ఆయనకు పంపండి: ఉమ్మడి ఖాతాలో ఎవరు ఎంత వేయాలి, ఏ తేదీకి, పెద్దవాళ్ళకు ఎంత, మళ్ళీ చూసుకునే తేదీ. తర్వాత బ్యాంకు యాప్‌లో జీతం పడిన మర్నాటికి ఆటోమేటిక్ బదిలీ పెట్టేయండి. జీతం రోజుకే పెడితే, జీతం ఒక్కరోజు ఆలస్యమైనా బదిలీ ఆగిపోతుంది. రెండు రోజుల వెసులుబాటు ఇంకా మంచిది.